జోయల్ కండక్టరు వాట్సాప్ ఉపవాసం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలైన మొదటి ఆదివారం, బుక్కరాయసముద్రం చర్చిలో సాక్ష్యాల వేళ జోయల్ లేచి నిలబడ్డాడు. లేవకుండా ఉంటే సగం కథ ఉండేది కాదు. కానీ జోయల్ ఆర్టీసీ కండక్టరు. నలుగురు కూర్చుని ఉన్నచోట తానొక్కడే నిలబడి గట్టిగా మాట్లాడడం అతనికి పాతికేళ్ళ అలవాటు.

"ఈ నలభై దినాలు కొందరు మాంసం మానుకుంటారు, కొందరు కాఫీ మానుకుంటారు. నేను వాట్సాప్‌ను తీసి పారేసినాను సహోదరులారా! సమూలంగా!" అన్నాడు.

"హల్లెలూయా" అంది సంఘం. పాస్టరయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ చూశాడు. వెనక వరసల్లోని ఇద్దరు ముగ్గురు తమ ఫోన్లను మెల్లిగా జేబుల్లోకి తోసుకున్నారు. జోయల్ ఛాతీ చొక్కా గుండీలు తెగేంతగా పొంగింది. సమూలంగా అన్న మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో అతనికే తెలియదు. నిజానికి అతను చేసింది ఆకుపచ్చ బొమ్మను వేలితో నొక్కి పట్టుకుని, అన్‌ఇన్‌స్టాల్ అన్న చోటికి జరిపి వదిలేయడం. ఆ మాత్రం పని కండక్టరు జోయలే కాదు, అతని జేబులోని తాళంచెవి ఒత్తుకున్నా జరిగిపోతుంది.

ఇల్లలకగానే పండగైపోతుందా? జోయల్‌కు అయిపోయింది. మంగళవారం దాకా.

మంగళవారం నల్లమాడ బస్సులో అతనికి చేతులు దురద పెట్టాయి. కదిరి దాటాక బస్సులో జనం పలచబడతారు. కిటికీ పక్క సీటులో కూర్చుని టికెట్ల మిషను ఒళ్ళో పెట్టుకుంటే, బొటనవేలు దానంతట అదే ఫోను మీద ఆకుపచ్చ బొమ్మ ఉండిన చోటును వెతికేది. బుధవారం డిపో రెస్టురూములో అటూ ఇటూ చూసి, ఒకసారి చూసి మళ్ళీ తీసేద్దాం అనుకుంటూ యాప్‌ను దించుకున్నాడు. నెంబరు అడిగింది, ఇచ్చాడు. పాత బ్యాకప్ దొరికింది, తెచ్చుకుంటావా అని అడిగింది. ఎంత మర్యాద! తెచ్చుకోక ఏం చేస్తాడు? కాసేపు పచ్చగీత ఒకటి పాకింది. తర్వాత డిపో గ్రూపు, సంఘం గ్రూపు, తండ్రి నారాయణప్ప పేరు మీది కుటుంబం గ్రూపు, ఎవరెవరి గుడ్ మార్నింగ్ గులాబీలో, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చి కూర్చున్నాయి. యాప్ లేని మూడు రోజుల్లో జనం పంపినవి కూడా ఒకదాని వెనక ఒకటి టింగుమని దిగాయి. చింత చచ్చినా పులుపు చావలేదు.

సాయంత్రం ఇల్లు చేరేలోగా మళ్ళీ తీసేసేవాడు. మర్నాడు మళ్ళీ దించుకునేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగుతూ, ఆదివారం వస్తే చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు.

దించుకున్న ప్రతిసారీ అతను మొదట తెరిచేది అన్న పాపన్నతో జరిగిన మాటలను. అవి పాతవి. రెండేళ్ళుగా ఆ పేరు కింద కొత్త అక్షరం పడలేదు.

రెండేళ్ళ కిందట తల్లి చిన్నక్కకు అనంతపురంలో కంటి ఆపరేషన్ అయింది. జోయల్ అన్నకు మెసేజీ పెట్టాడు: 'రేపు అమ్మకు కంటి ఆపరేషన్. రా.' దాని పక్కన రెండు నీలం టిక్కులు. అంటే పాపన్న చూశాడు. చూసి రాలేదు. మోటరు కాలిపోయింది, చెట్లు ఎండిపోతున్నాయి, మర్నాడు వస్తానని వాయిస్ పంపాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి, 'ఇంక నా ఇంటి గడప తొక్కొద్దు' అన్న వాయిస్. అంతే. చిన్నవాడు కన్నతల్లి కోసం మర్యాదగా పిలిస్తే పెద్దవాడు రాకపోగా తిట్టాడు. ప్రపంచంలో ఏ కోర్టుకైనా ఈ సాక్ష్యం చాలని జోయల్ నమ్మకం. ఆ నీలం టిక్కులను అతను ఇతరులు దేవుడి పటాన్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. చూసినప్పుడల్లా కడుపులో చల్లగా ఉండేది, ఛాతీలో వేడిగా ఉండేది. ఆ రెండూ కలిపితే వచ్చే సుఖానికి పేరు లేదు కానీ బానిసలు ఉన్నారు.

పాపన్న గార్లదిన్నె దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, చేసుకుంటాడు. అతను పుట్టేనాటికి నారాయణప్ప ఇంట్లో ఇంకా బాప్తిస్మం లేదు, అందుకే పాపన్న. ఆ ఇంట్లో మొదటి బైబిలు పేరు జోయల్‌ది. పేరును బట్టే తానెక్కువ క్రైస్తవుడినని జోయల్‌కు చిన్నప్పటి నుంచీ ఒక లోపలి లెక్క.

ఇక తల్లి. చిన్నక్క జోయల్ దగ్గరే ఉంటుంది. గొడవ జరిగిన నాటి నుంచి ఆమె ప్రభు బల్ల దగ్గరకు పోలేదు. నెల మొదటి ఆదివారం అందరూ లేచి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ముందుకు వెళ్తుంటే, ఆమె స్త్రీల వైపు బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయేది. పాస్టరయ్య అడిగితే ఒకటే మాట.

"ఇద్దరు కొడుకులు మాట్లాడుకోరయ్యా. నేను ఏ మొగంతో పోయేది బల్ల కాడికి?"

జోయల్‌కు అది ముల్లు. తల కొట్టేసినంత సిగ్గు. "అమ్మా, తప్పు వాడిది. నా కాడ రుజువు ఉండాది" అనేవాడు. "రుజువును రొట్టెలో అద్దుకుని తింటానా నాయనా" అనేది ఆమె. ఈసారి ఈస్టరుకైనా ముసలామె లేస్తుందా లేదా అన్నది ఇంట్లో ఎవరూ పైకి అనని మాట. వయసు డెబ్బై దాటింది, ఉబ్బసం ఉంది. ఎన్ని ఈస్టర్లు మిగిలాయో ఎవరు చెప్పగలరు?

మూడో వారం జోయల్ దొరికిపోయాడు. పట్టుకున్నది భార్య గౌతమి. ఆమె గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. ఊరివాళ్ళ ఆధార్లు, ఓటీపీలు, మరిచిపోయిన పాస్‌వర్డులు అన్నీ ఆమె బల్ల మీదే తేలతాయి. ఆ రోజు ఆమె తాను చేసిన మునక్కాయ పులుసు ఫోటోను స్టేటస్‌లో పెట్టింది. సాయంత్రం ఎవరెవరు చూశారా అని పైకి జరిపితే, పేర్ల మధ్యలో మొగుడి పేరు తళతళలాడుతోంది.

"ఏమయ్యా, పులుసు ఎట్లుండాది?" అంది తలుపు దగ్గరే.

"ఇంకా తినందే ఎట్ల చెప్పేది?"

"తినలేదులే. చూసినావు కదా!" అని ఫోను ముందుకు చాచింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు జోయల్ చేయి చొక్కా జేబు మీదికి పోయింది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"సంఘం అంతా నిన్ను చూపించి పిల్లోళ్ళకు బుద్ధి చెప్తాండారు. పాస్టరమ్మ నన్ను అడిగింది, మీ ఆయన ఎట్ల మానినాడు, మా వానికి చెప్పమని. సమూలంగా అన్న్యావే! నువ్వు తీసింది బొమ్మనయ్యా. ఖాతా యాడికీ పోలేదు. నీ ఫోటో ఉండాది, నీ పేరు గ్రూపుల్లో ఉండాది, నీకు పంపినోళ్ళకు ఒక్క టిక్కు పడి నువ్వు ఎప్పుడు తెరుస్తావా అని కాచుకోనుండాది. నీ మాటలన్నీ గూగుల్లో బద్రంగా దాపెట్టుకోనుండావు. ఇంట్లో పడక తీసేసి, పక్కింట్లో పరుపు దాచి పెట్టుకున్నట్టు."

"అయితే ఏం చేయమంటావు?"

"నిజంగా తీసెయ్."

"తీసేస్తే అన్నతో మాట్లాడినవన్నీ పోతాయి" అన్నాడు జోయల్. అనేశాక తన మాట తనకే వినిపించింది.

గౌతమి అతని వైపు తేరిపార చూసింది. "అదన్న మాట నువ్వు తాగేది. డిపో గ్రూపు కాదు, గులాబీలు కాదు. ఆ నీలం గీతలు. అవి ఉన్నంత కాలం నువ్వు గార్లదిన్నె బస్సు ఎక్కవు. అత్త బల్ల కాడికి పోదు. నువ్వు ఈ దినాల్లో మానాల్సింది వాట్సాప్‌ను కాదు, రుజువును."

లోపలి గదిలో చిన్నక్క దగ్గింది. జోయల్ ఫోను భార్య ముందు పెట్టాడు.

మొదట అతనికి అర్థం కానిది, పూర్తిగా తీసేయాలంటే ముందు మళ్ళీ దించుకోవాలన్నది. ఖాతాను చంపేది ఖాతాలోకి వెళ్ళాకేనట. తాగుడు మానాలంటే ముందొక గ్లాసు తాగి రమ్మన్నట్టుంది అని జోయల్ గొణిగాడు. గౌతమి పట్టించుకోలేదు. యాప్ వచ్చింది, నెంబరు చెప్పాడు, బ్యాకప్ తెచ్చుకుంటావా అంది.

"ఇప్పుడు వద్దను" అంది గౌతమి.

"ఒక్కసారి. ఆఖరుసారి" అన్నాడు. ఉరికంబం ఎక్కేవాడిని ముందు ఏం తింటావని అడుగుతారు కదా అని ఆమె ఊరుకుంది. పచ్చగీత పాకింది. ఆమె నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళిన ఆ కాస్త సందులో జోయల్ పాపన్న పేరు తెరిచి, నీలం టిక్కులు కనిపించేలా స్క్రీన్‌షాట్ కొట్టాడు. ఫోటో స్పష్టంగా వచ్చింది. మహా పాపాత్ముడికి కూడా కెమెరా ఎంత బాగా పని చేస్తుందో!

గౌతమి వచ్చి కూర్చుని మొదట గూగుల్ డ్రైవ్ తెరిచింది. పక్కనున్న మూడు గీతలు నొక్కి, బ్యాకప్స్ అన్న చోటికి వెళ్ళింది. అక్కడ జోయల్ నెంబరుతో వాట్సాప్ బ్యాకప్ ఒకటి హాయిగా నిద్రపోతోంది.

"ఖాతా తీసేస్తే ఇది కూడా పోతాదంటారు. కానీ నా సచివాలయంలో పోతాదన్న కాగితం పోయినట్టు నేను నా కళ్ళతో చూసేదాకా నమ్మను" అంటూ దాన్ని చేతితోనే తీసేసింది. ఆ తర్వాత వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, డిలీట్ అకౌంట్. ఎర్ర అక్షరాలు చెప్పాయి: ఖాతా పోతుంది, మాటల చరిత్ర పోతుంది, అన్ని గ్రూపుల నుంచీ పేరు పోతుంది, గూగుల్‌లో దాచినదీ పోతుంది. నెంబరు కొట్టమంది. జోయలే కొట్టాడు. తప్పు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు.

ఎందుకు తీసేస్తున్నావో కారణం ఎంచుకోమంది. ఫోను మారింది, నెంబరు మారింది, ఏదో సదుపాయం లేదు, కొన్నాళ్ళకే తీసేస్తున్నా. ఆ వరసలో ఎక్కడా 'మా అన్న' అన్నది లేదు. ఇతర కారణాలు అన్నదాని మీద వేలు పెట్టాడు. మరొక్కసారి అడిగింది. నొక్కాడు.

తెర మొదటిరోజు కొన్నప్పటిలా స్వాగతం చెప్పింది. గౌతమి యాప్‌ను తీసేసి, ఫోను లోపలి ఫైళ్ళలో ఆండ్రాయిడ్, మీడియా అంటూ వెతికి, మిగిలిన వాట్సాప్ ఫోల్డరును కూడా చెరిపేసింది. "కంపెనీ వాళ్ళ కాడ ఉన్నది పూర్తిగా పోనీకి మూడు నెల్ల దాకా పట్టొచ్చంట. నీ వరకు అయిపోయింది" అంది.

జోయల్ బరువుగా నిట్టూర్చాడు. అబ్రాహాము కొడుకును బలి ఇవ్వడానికి కొండ ఎక్కినంత త్యాగం చేశాననుకున్నాడు. ఫోటోల్లో తన పొట్టేలును, ఆ స్క్రీన్‌షాట్‌ను, దాచుకున్న సంగతి మటుకు ఎవరికీ చెప్పలేదు.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు జోయల్ సెలవు పెట్టి, తల్లిని తీసుకుని గార్లదిన్నె బస్సు ఎక్కాడు. తన బస్సు కాని బస్సులో టికెట్టు కొనుక్కుని కూర్చుంటే కండక్టరు ఎంత పొట్టివాడైపోతాడో అతనికి అప్పుడు తెలిసింది. రోడ్డుకు రెండు వైపులా నేల ఎండి పగిలి ఉంది. చిన్నక్క ఒక్కసారి కూడా ఎందుకు పోతున్నామని అడగలేదు. తలమీది కొంగును సర్దుకుంటూ దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

జోయల్ మనసులో మాత్రం ప్రసంగం తయారవుతోంది. 'అన్నా, తప్పు నీదే అయినా నేను క్షమించినా. రుజువులన్నీ తీసేసినా.' ఈ రెండో మాట దగ్గర అతని వేలు చొక్కా జేబులోని ఫోనును తడిమేది. పాపన్న ఒప్పుకోకపోతే? 'నేను చూడనే లేదు' అంటే? అప్పుడు అవసరానికి ఉంటుంది. క్షమించడానికి పోయేవాడు జేబులో వారెంటు పెట్టుకుని పోతున్నాడని అతనికి తెలుసు. తెలిసీ దాన్ని తీసేయలేదు. అంత మంచి ఫోటో మళ్ళీ రాదు కదా.

పాపన్న తోట దగ్గరే ఉన్నాడు. చీనీ చెట్ల మొదళ్ళలో డ్రిప్పు పైపులు సరి చేస్తున్నవాడు తల ఎత్తి, తల్లిని చూసి పైపు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. తల్లి చేయి పట్టుకుని చెట్టు నీడన మంచం మీద కూర్చోబెట్టాడు. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఇదంతా అయ్యాక తమ్ముడి వైపు తిరిగాడు.

"బతికే ఉండావా? కుటుంబం గ్రూపులో నువ్వు వెళ్ళిపోయినావని పడింది. చూస్తే నీ ఫోటో కూడా లేదు, ఉత్త బూడిద బొమ్మ. నా మీద కోపానికి పూర్తిగా తెంచుకున్న్యాడు అనుకుంటి. లేకుంటే నీకేమన్నా అయ్యిందేమో అని కూడా అనుకుంటి" అన్నాడు పాపన్న. ఆ చివరి మాటను అతను మంచం కోడును చూస్తూ అన్నాడు.

జోయల్‌కు ఇది ప్రసంగంలో లేని చోటు. "అది కాదన్నా. నేను వాట్సాప్‌ను సమూలంగా తీసేసినా. మనం మాట్లాడుకున్నవి, నువ్వు నన్ను తిట్టినవి, అన్నీ. ఇంక నా కాడ ఏమీ లేదు. నేను నిన్ను క్షమించి..."

"నేను తిట్టినవా?" అన్నాడు పాపన్న.

"గడప తొక్కొద్దు అన్న్యావు కదా."

పాపన్న కాసేపు తమ్ముడి మొహంలోకి చూశాడు. వేళాకోళమా, మతిమరుపా అని వెతికినట్టు చూశాడు. తర్వాత తల్లి వైపు ఒక చూపు చూసి, "రా. అమ్మ ముందర వద్దు" అంటూ మోటరు షెడ్డులోకి నడిచాడు.

షెడ్డు లోపల వేడిగా ఉంది. పాపన్న తన ఫోను తీశాడు. వెతకలేదు, తెరిచాడు. పైన పేరు ఉంది, ఫోటో చోట బూడిద బొమ్మ ఉంది. కింద మాటలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"నువ్వు నీ దాంట్లో తీసుకుంటే నీ దాంట్లో పోతాయి. నా దాంట్లో యాడికి పోతాయిరా?" అన్నాడు.

జోయల్ చూశాడు. 'రేపు అమ్మకు కంటి ఆపరేషన్. రా.' అది తెలుసు. పాపన్న వాయిస్, మోటరు కాలిపోయింది. అదీ తెలుసు. ఆ తర్వాత నేరుగా గడప మాట రావాలి. రాలేదు. మధ్యలో ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి రాసింది: 'నీకు అమ్మ కన్నా మోటరే ఎక్కువ.' రెండోది వాయిస్. పంపింది జోయల్.

పాపన్న దాన్ని నొక్కి, శబ్దం తగ్గించి, తమ్ముడి చెవి దగ్గర పెట్టాడు.

అందులో మాట్లాడుతున్నవాడు బస్సులో చిల్లర లేని ముసలివాళ్ళను గద్దించే గొంతుతో మాట్లాడుతున్నాడు. 'ఆ చీనీ చెట్లే నీకు అమ్మలాగుండాయే. కానీలే. అమ్మ సచ్చినాక కబురు చేస్తా, అప్పుడన్నా మోటరు ఆపి రా. రాకున్నా సరే. నీకు తమ్ముడు లేడనుకో.'

జోయల్‌కు ముందు ఇది నేను కాదు అనిపించింది. తర్వాత ఆనాటి ఆసుపత్రి వరండా జ్ఞాపకం వచ్చింది. వాయిస్ పంపాక, గౌతమి టీ గ్లాసులతో వస్తుంటే కంగారు పడి, ఆ రెండింటినీ పట్టుకుని డిలీట్ కొట్టాడు. అందరికీ తీసేయనా, నీకు మాత్రమే తీసేయనా అని అడిగింది. అందరికీ తీసేస్తే మెసేజీ తీసేశారని అన్నకు గుర్తు కనిపిస్తుంది, తమ్ముడు భయపడ్డాడు అనుకుంటాడు. అందుకని 'నాకు మాత్రమే' నొక్కాడు. అవి ఆనవాలు లేకుండా పోయాయి. ఫోనులోంచి పోయాయి, ఆ రాత్రి బ్యాకప్ లోంచీ పోయాయి, నెల తిరిగేసరికి తన లోంచి కూడా పోయాయి. రెండేళ్ళుగా అతను చూసుకున్నది తానే పళ్ళు పీకేసిన నోటిని. బాగా నవ్వుతోందే అని మురిసిపోయాడు.

సమూలంగా! ఆ మాట గుర్తొచ్చి మోటరు మీద తల బాదుకోవాలనిపించింది. జీవితంలో అతను సమూలంగా తీసేసినవి ఆ రెండే.

"అన్నా..." అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు.

"అమ్మకు నేను దీన్ని ఇనిపించలేదు. మా ఇంటామెకూ ఇనిపించలేదు. నేను అన్నది కూడా మంచిమాట కాదులే" అన్నాడు పాపన్న.

"తీసెయ్ అన్నా. దాన్ని ఇంకా ఏంటికి పెట్టుకోనుండావు? తీసి పారెయ్."

పాపన్న ఫోనును వెనక్కి లాక్కున్నాడు. ఎవరో పసిబిడ్డను అడిగినట్టు లాక్కున్నాడు.

"ఎట్ల తీసేది? రెండేండ్ల నుంచి నువ్వు ఫోన్ చేయలే, నేను చేయలే. తోటలో ఒక్కన్నే ఉన్నప్పుడు ఎప్పుడన్నా అదే పెట్టుకుని ఇంటాంటి. తిట్టినా నీ గొంతే కదరా. నా కాడ ఉన్నది అదొక్కటే."

జోయల్ అక్కడే, పైపు ముక్కల మధ్య కూలబడ్డాడు. ఇద్దరూ రెండేళ్ళు ఒకే గొడవను దాచుకున్నారు. తాను గెలవడానికి దాచుకున్నాడు. అన్న తమ్ముణ్ణి దాచుకున్నాడు. ఈ తేడా తెలియడానికి అతనికి ఒక యాప్, ఒక డ్రైవ్, ఒక భార్య, ఒక బస్సు టికెట్టు కావలసి వచ్చాయి.

కాసేపటికి చొక్కా జేబులోంచి ఫోను తీసి, ఫోటోలు తెరిచి, అన్న చేతిలో పెట్టాడు.

"ఇదేంది?"

"నువ్వు చూసినావని రుజువు. అన్నీ తీసేసే ముందర ఫోటో కొట్టుకుంటి. నిన్ను క్షమించనీకి వస్తా దీన్ని తెచ్చుకుంటి."

పాపన్న నీలం టిక్కులను చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ క్షమాపణ పాడుగాను! ఫోటో తీసుకోని వచ్చినావా సామీ!" అని నవ్వుతుంటే జోయల్‌కూ నవ్వు ఆగలేదు. ఏడుస్తున్న మొహంతో నవ్వితే మనిషి ఎంత వికారంగా ఉంటాడో షెడ్డులో అద్దం లేదు కాబట్టి బతికిపోయాడు.

జోయల్ ఆ ఫోటోను తీసేశాడు. చెత్తబుట్టలోకి వెళ్ళి అక్కడి నుంచి కూడా తీసేశాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

"నాది కూడా తీసెయ్, నాకు ఆ పని రాదు" అంటూ పాపన్న తన ఫోను ఇచ్చాడు. "మనిషే వచ్చినాడు కదా, ఇంక గొంతు ఏంటికి?"

జోయల్ ఆ వాయిస్‌ను వేలితో పట్టుకున్నాడు. ఆ ఫోనుకు వచ్చిన మెసేజీకి అదొక్క దారే ఉంది: నాకు మాత్రమే తీసెయ్. ఒకసారి అదే మీట నొక్కి అన్నను పోగొట్టుకున్నాడు. మళ్ళీ అదే నొక్కాడు.

బయటి నుంచి చిన్నక్క పిలిచింది. "ఏమప్పా, ఇద్దరూ ఆ షెడ్డులో ఏం చేస్తాండారు? మోటరు ఏమన్నా కాలిందా మళ్ళ?"

"కాలలేదు మా. ఆన్ అయ్యింది" అన్నాడు పాపన్న.

ఈస్టరు ఆదివారం పాపన్న కుటుంబం బుక్కరాయసముద్రం చర్చికి వచ్చింది. సాక్ష్యాల వేళ పాస్టరయ్య ముందు వరసకేసి చూసి, "వాట్సాప్‌ను జయించిన మన సహోదరుడు జోయల్ ఏమన్నా చెప్తాడేమో" అన్నాడు. సంఘమంతా తిరిగి చూసింది. జోయల్ సగం లేచాడు. అలవాటు అంత సులువుగా పోతుందా? గౌతమి స్త్రీల వైపు నుంచి ఒక్క చూపు చూసింది. జోయల్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ పొద్దు నేను చెప్పింది అబద్దం అయ్యా. ఇంతకన్నా చెప్పనీకి నా కాడ రుజువు లేదు" అని కూర్చున్నాడు. హల్లెలూయా అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాపన్న మాత్రం పక్కనే కూర్చుని తమ్ముడి మోకాలి మీద చేయి వేశాడు.

ఆ తర్వాత పాస్టరయ్య బల్ల మీది తెల్లగుడ్డ తీశాడు. వరసలు వరసలుగా జనం ముందుకు కదిలారు. జోయల్ తల తిప్పి స్త్రీల వైపు చూశాడు, చూడకుండా ఉండలేకపోయాడు. చిన్నక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఒకసారి పురుషుల వైపు, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కొడుకులను చూసింది. కొంగు సర్దుకుంది. ముందు వరస బల్లను పట్టుకుని లేచింది.